బంతి విసిరే రెండు సెకన్లు: ఒక షాట్ రఫ్ నుంచి క్లీనప్ దాకా

చేత్తో గీసిన యానిమేషన్ షాట్ ఇదీ. ఒక అమ్మాయి చేతిలో బంతి పట్టుకుని నిలబడి ఉంటుంది, ఒళ్ళు వెనక్కి విరిచి తల మీదుగా బలంగా విసురుతుంది, ఆ ఊపుకి ముందుకు తూలి మళ్ళీ నిలదొక్కుకుంటుంది. అంతే. కెమెరా కదలదు. మనం పక్కనుంచి చూస్తున్నాం, తను కుడివైపుకి తిరిగి ఉంది, విసిరే కుడిచెయ్యి మనకి దగ్గరగా ఉన్న చెయ్యి. సెకనుకి 24 ఫ్రేములు, మొత్తం 48. పొడవాటి జడ కూడా ఉంది, దాని గొడవ చివర్లో చెప్తాను.

ఇలాంటి షాట్‌లో ఏ బొమ్మకి ఆ బొమ్మ బాగానే ఉంటుంది, ప్లే చేస్తే మాత్రం నీళ్ళలో విసురుతున్నట్టు ఉంటుంది. వెంటనే చాలామంది చేసే పని ఇంకొన్ని ఇన్‌బిట్వీన్లు, అంటే ముఖ్యమైన పోజుల మధ్యలో నింపే బొమ్మలు, కలపడం. దాంతో అది ఇంకా మెత్తబడుతుంది తప్ప బాగుపడదు. ఈ షాట్‌కి చివరికి పట్టిన బొమ్మలు 26 మాత్రమే, 48 కాదు. కదలిక సాఫీగా రావడమన్నది ఆ 26 ఒకదానికొకటి ఎంత దూరంలో ఉన్నాయన్న దాని మీద ఆధారపడింది.

ముందు కీలు, ఆనియన్ స్కిన్ ఆఫ్

కీ పోజులంటే కదలికని నిలబెట్టే ముఖ్యమైన పోజులు, ఆనియన్ స్కిన్ అంటే పక్క ఫ్రేముల బొమ్మలని కింద లేతగా చూపించే ఏర్పాటు. కీలు గీసేటప్పుడు నేను దాన్ని పెట్టను. పెడితే ముందు పోజు గీతలు కింద కనిపిస్తూ ఉంటాయి, చెయ్యి తెలియకుండానే వాటికి దగ్గరగా వెళ్తుంది, రెండో పోజు మొదటిదాని మొహమాటంలో పడి చప్పబడుతుంది. ఖాళీ కాన్వాస్ మీద నేల గీత ఒకటి, పాదాలు ఎక్కడుండాలో రెండు గుర్తులు, అంతవరకే.

కీలు ఆరు. బొమ్మ నంబరూ ఫ్రేము నంబరూ ఒకటే అనుకోండి. 1లో మామూలుగా నిలబడి ఉంది, ఎడమ పాదం కొంచెం ముందుంది. 15లో ఒళ్ళు వెనక్కి వాలింది, బరువంతా వెనకకాలి మీద, కుడి మోకాలు వంగింది, బంతి ఉన్న చెయ్యి భుజం ఎత్తులో వెనక్కి వెళ్ళింది. 23 కూడా దాదాపు అదే పోజు, ఇంకొంచెం కుంగింది, అంతే తేడా. 27లో బంతి వేళ్ళ చివర ఉంది, చెయ్యి తలకి కొంచెం ముందు, పైన. 31లో నడుము బాగా వంగిపోయింది, చెయ్యి ఎదుటి మోకాలి దాకా దిగింది, వెనకపాదం నేల వదిలేసింది. 43లో మళ్ళీ నిటారుగా నిలబడింది, ఈసారి కుడిపాదం ముందుంది.

ఈ ఆరింటినీ ఒక్కొక్కటి తర్వాతి కీ ఫ్రేము దాకా అలాగే నిలిపి ప్లే చేశాను. ఇన్‌బిట్వీన్ ఒక్కటి కూడా లేకుండానే విసురు అర్థమవ్వాలి. బొమ్మ ఠక్కు ఠక్కున మారుతుంటుంది, కానీ బరువు వెనక్కెళ్ళి ముందుకొచ్చిందన్నది తెలియాలి. ఇక్కడ తెలియలేదంటే మధ్యలో ఎన్ని బొమ్మలు పెట్టినా తెలియదు. ఈ షాట్‌లో మొదట 15 పోజులో నడుము సరిపడా వెనక్కి పోలేదు, అందుకని 27 అంత గట్టిగా అనిపించలేదు. 27ని ముట్టుకోకుండా 15లో నడుమునే ఇంకాస్త వెనక్కి లాగాను.

సగం, సగంలో సగం

తర్వాత టైమింగ్ చార్ట్. పేరు పెద్దదే గానీ ఇది బొమ్మ పక్కన నిలువుగా గీసే ఒక గీత. పైన ఒక కీ, కింద ఇంకో కీ, మధ్యలో ఇన్‌బిట్వీన్లు ఎక్కడెక్కడ పడాలో అడ్డగీతలు. కాగితం మీద పనిచేసే రోజుల నుంచీ ఇదే పద్ధతి. కీ నంబరు చుట్టూ సున్నా చుడతారు, రెండు కీల మధ్య కదలిక ఎటు వెళ్ళాలో తేల్చే బొమ్మని బ్రేక్‌డౌన్ అంటారు, దాని నంబరు కింద గీత పెడతారు, ఇన్‌బిట్వీన్లకి ఏమీ పెట్టరు. నేను కంప్యూటర్‌లో కూడా ఒక లేయర్ మీద ఇలాగే రాసుకుంటాను, పది రోజుల తర్వాత ఫైల్ తెరిస్తే ఏది దేనికి మధ్యదో వెతుక్కోనక్కర్లేదు.

1 నుంచి 15 దాకా టూస్ మీద, అంటే ఒక్కో బొమ్మ రెండు ఫ్రేములు ఉంటుంది. మధ్యలో 3, 5, 7, 9, 11, 13. వీటిని సమాన దూరాల్లో పెడితే ఒళ్ళు ఒకే వేగంతో వెళ్ళి 15 దగ్గర గోడకి కొట్టుకున్నట్టు ఆగుతుంది. అందుకని 7ని సరిగ్గా సగంలో పెట్టాను. 7కీ 15కీ సగంలో 9, 9కీ 15కీ సగంలో 11, 11కీ 15కీ సగంలో 13. ఇటువైపు 1కీ 7కీ సగంలో 5, 1కీ 5కీ సగంలో 3. అంటే మెల్లగా మొదలై, మధ్యలో వేగం అందుకుని, చివర్లో బాగా మెల్లబడుతుంది. అన్నీ సగాలే ఎందుకంటే, రెండు గీతల మధ్య సగం ఎక్కడో కంటికి ఇట్టే తెలుస్తుంది, మూడోవంతు తెలియదు. మూడోవంతులు అడిగిన చార్ట్ ఎంత మంచి చెయ్యి ఉన్నవాళ్ళకైనా తేడా కొడుతుంది.

ఇప్పుడు ఆనియన్ స్కిన్ ఆన్ చేస్తాం. వెనక ఒకటి, ముందు ఒకటి, అంతకు మించి వద్దు. వెనకది ఎరుపు, ముందుది ఆకుపచ్చ (క్రిటా అనే డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్‌లో మొదట్నుంచీ వచ్చే రంగులే ఇవి, నాకూ అలవాటైపోయాయి). నాలుగేసి బొమ్మలు ఒకేసారి కనిపించేలా పెడితే తెరంతా గీతల గుబురైపోతుంది, ఏ మోచెయ్యి ఏ బొమ్మదో తెలియదు. ఇంకో జాగ్రత్త ఉంది. 9 గీయాలంటే కింద కనిపించాల్సినవి 7, 15. కానీ టైమ్‌లైన్‌లో పక్కన ఏ బొమ్మ ఉంటే దాన్ని చూపించడమే ఆనియన్ స్కిన్ పని. 11, 13 ఇంకా లేనప్పుడు 9కి పక్కన 15 దానంతటదే వస్తుంది. 13 ముందే గీసేసి ఉంటే మాత్రం 9 తప్పు జంట మధ్య సగానికి పడుతుంది. అందుకే గీసే వరుస చార్ట్ ప్రకారమే ఉండాలి: 7, తర్వాత 9, 11, 13, ఆ తర్వాత 5, 3. ఓపెన్‌టూంజ్ అనే యానిమేషన్ సాఫ్ట్‌వేర్‌లో కొన్ని ఫ్రేములని ఆనియన్ స్కిన్‌లో ఫిక్స్ చేసి పెట్టుకునే వీలుంది, మనం ఏ ఫ్రేములో ఉన్నా అవి కనిపిస్తూనే ఉంటాయి. కీలని అలా ఫిక్స్ చేస్తే ఈ బాధ చాలావరకు పోతుంది.

చెయ్యి పొట్టిదైపోయే చోటు

అసలు కథ 23 నుంచి 27 దాకా. ఇక్కడ వన్స్ మీదకి మారాను, ప్రతి ఫ్రేముకీ ఒక బొమ్మ, 31 దాకా అలాగే. కారణం సులువు: ఈ వేగంలో టూస్ మీద చెయ్యి ఒక బొమ్మకీ ఇంకో బొమ్మకీ మధ్య ఎంతో దూరం దూకేస్తుంది, కంటికి ఒకే చెయ్యి కదిలినట్టు ఉండదు, రెండు చేతులు మినుకుమన్నట్టు ఉంటుంది.

మధ్యలో మూడే బొమ్మలు: 24, 25, 26. 23లో చెయ్యి వెనక, 27లో చెయ్యి ముందు పైన. ఆనియన్ స్కిన్‌లో ఎరుపు చెయ్యీ ఆకుపచ్చ చెయ్యీ చక్కగా కనిపిస్తాయి, వాటి మణికట్ల మధ్య సరిగ్గా సగంలో చుక్క పెట్టి చూడండి. ఆ చుక్క చెవి పక్కన, భుజానికి బెత్తెడు దూరంలో పడుతుంది. భుజం నుంచి అక్కడికి చెయ్యి గీస్తే ఉన్నట్టుండి చెయ్యి సగం పొడవైపోతుంది. ప్లే చేస్తే చెయ్యి ఒంట్లోకి ముడుచుకుని మళ్ళీ బయటికొచ్చినట్టు ఉంటుంది. ఇక్కడ గీసినవాళ్ళ చేతిలో లోపం ఏమీ లేదు, ఆనియన్ స్కిన్ చూపించిన సగం సరిగ్గానే ఉంది. కాకపోతే ఒక జాయింట్ చుట్టూ తిరిగే అవయవం ఎప్పుడూ తిన్నగా వెళ్ళదు, వంపు మీద వెళ్తుంది. సగం చూడాల్సింది ఆ వంపు మీద.

అందుకే ముందు వేరే లేయర్ మీద మణికట్టు దారి గీశాను: 23 నుంచి కొంచెం కిందికి జారి, తల వెనకనుంచి పైకి లేచి, తల మీదుగా 27కి. ఆ వంపు మీద 26కి సగంలో ఒక గుర్తు, 25కి దానిలో సగం, 24కి అందులోనూ సగం. అంటే చెయ్యి మొదట కదిలీ కదలనట్టు ఉండి చివరి రెండు ఫ్రేముల్లో ఒక్కసారిగా దూసుకొస్తుంది.

నడుముకి చార్ట్ వేరు, అది కూడా సరిగ్గా తిరగేసి. 24లోనే నడుము సగం దూరం వచ్చేసింది, 25లో మూడొంతులు, 26లో ఇంచుమించు మొత్తం. విసిరేటప్పుడు ముందు నడుము తిరుగుతుంది, తర్వాత ఛాతీ, తర్వాత మోచెయ్యి, చివరికి చెయ్యి. 26లో మోచెయ్యి అప్పటికే ఎదుటికి చూస్తూ ఉంటుంది, బంతి మాత్రం ఇంకా తల వెనకే ఉంటుంది. ఆ ఒక్క బొమ్మే ఈ షాట్‌కి ప్రాణం. కాబట్టి దాన్ని ఇన్‌బిట్వీన్‌గా వదిలేయకుండా బ్రేక్‌డౌన్‌గా ముందే, కీ అంత శ్రద్ధగా గీసుకోవాలి.

నీళ్ళలో విసురుతున్నట్టు ఉండటానికి నూటికి తొంభై పాళ్ళు కారణం ఇదే అని నా లెక్క. ఆనియన్ స్కిన్ మొత్తం బొమ్మని ఒకేసారి చూపిస్తుంది కాబట్టి మనమూ మొత్తం బొమ్మని ఒకే సగంలో పెడతాం. తల సగం, నడుము సగం, చెయ్యి సగం. అన్నీ కలిసి బయల్దేరి కలిసి ఆగుతాయి, అట్టముక్క బొమ్మ కదిలినట్టు. ఇప్పుడు నేను ఒక బొమ్మ గీసేముందు ఏ అవయవం ఏ చార్ట్ మీద ఉందో రంగు చుక్కలతో పెట్టుకుంటాను: మణికట్టుకి ఒక రంగు, నడుముకి ఒకటి, ముక్కు కొనకి ఒకటి. రఫ్ అయ్యాక బొమ్మలన్నీ దాచేసి ఆ చుక్కలని మాత్రమే ఒకేసారి చూస్తే ఎక్కడ తేడా ఉందో కనిపిస్తుంది. ఈ షాట్‌లో 29 దగ్గర మణికట్టు చుక్క వంపులోంచి కొద్దిగా లోపలికి పడింది. ప్లేలో అది సన్నటి జెర్క్‌లా ఉంది, ఎక్కడో తెలిసేది కాదు. చుక్కల్లో చూస్తే ఒక్క క్షణంలో దొరికింది.

27 నుంచి 31 దాకా చెయ్యి మెల్లబడాలి, కాబట్టి 28 సగంలో, 29 మిగిలినదానిలో సగం, 30 అందులో సగం. 28లో చేతిని వంపు వెంబడి వెనక్కి కొంచెం సాగదీశాను, అంటే స్మియర్. ఒకే ఒక్క ఫ్రేము, ఒకే ఒక్క చెయ్యి. 27ని మాత్రం సాగదీయలేదు, బంతి వదిలిన క్షణం స్పష్టంగా కనబడాలి. బంతి 28కే చాలా దూరం వెళ్ళిపోయింది, 29లో తెర దాటేసింది.

తల సంగతి మాత్రం చుక్కలతో తేలదు, దాని ఆకారమే మారకూడదు. దానికి షిఫ్ట్ అండ్ ట్రేస్ వాడాను. కాగితం రోజుల్లో రెండు కీ కాగితాలని, అవి కదలకుండా పట్టి ఉంచే పెగ్‌బార్ నుంచి తీసి, తల మీద తల వచ్చేలా జరిపి, పైన కొత్త కాగితం వేసి గీసేవాళ్ళు. ఓపెన్‌టూంజ్‌లో ఇదే పేరుతో ఒక టూల్ ఉంది, ఆనియన్ స్కిన్‌లో కనిపించే బొమ్మని జరపొచ్చు, తిప్పొచ్చు, అసలు బొమ్మ దాని చోట అది ఉంటుంది. అది లేని సాఫ్ట్‌వేర్‌లో కీని ఒక తాత్కాలిక లేయర్ మీదికి కాపీ చేసి తిప్పుకోవచ్చు. రెండు తలలూ కొత్త తల ఉండాల్సిన చోటికి తెచ్చి ఒకదాని మీద ఒకటి పెడితే తేడా అంతా వెంట్రుకవాసి అవుతుంది, మధ్యలో గీయడం తేలిక, సైజు తప్పదు. దీనికీ ఒక హద్దుంది. 31 నుంచి 43 మధ్య తల కిందికి చూసి పైకి లేస్తుంది, ఒక బొమ్మలో నడినెత్తి కనిపిస్తుంది, ఇంకోదాంట్లో గడ్డం కింద భాగం. అక్కడ ట్రేస్ చేస్తే రెండు ముఖాల ముద్ద వస్తుంది. అక్కడ మళ్ళీ గుండ్రం, మధ్య గీత, కళ్ళ గీత వేసుకుని కొత్తగా కట్టుకోవాల్సిందే.

క్లీనప్: మెల్లగా కదిలే చోటే కష్టం

రఫ్ లేయర్ మొత్తం లేత నీలంలోకి మార్చి, పైన కొత్త లేయర్, ఆనియన్ స్కిన్ ఆ క్లీన్ లేయర్‌కి మాత్రమే. రఫ్‌కి కూడా ఆన్‌లో ఉంటే మూడు రఫ్‌ల గీతలు ఒకేసారి కనిపించి ఏది మనదో తెలియక కళ్ళు లాగేస్తాయి. బ్రష్ సైజు మొత్తం షాట్‌కి ఒకటే, ప్రెజర్‌కి లావు మారడం చాలా కొద్దిగా. జూమ్ కూడా ఒకటే పెట్టుకుంటాను, ఎందుకంటే దగ్గరికెళ్ళి గీసిన గీతకీ దూరంనుంచి గీసిన గీతకీ ఒంపు వేరుగా వస్తుంది.

వరుస మళ్ళీ అదే: ముందు కీలు, తర్వాత బ్రేక్‌డౌన్‌లు, ఆ తర్వాత ఇన్‌బిట్వీన్లు. 1 నుంచి మొదలుపెట్టి 3, 5, 7 అంటూ వరుసగా క్లీన్ చేసుకుంటూ పోకూడదు. ప్రతి బొమ్మా దాని ముందుదాన్ని చూసి గీసినదే అవుతుంది, ఒక్కో బొమ్మలో ముక్కు పిసరంత పెరిగినా 43కి చేరేసరికి ఇంకో మనిషి తయారవుతుంది. కీలు ముందే ఖరారైతే ఏ ఇన్‌బిట్వీన్ అయినా రెండు వైపులా కట్టేసి ఉంటుంది, తప్పు ఎక్కువ దూరం పోలేదు. కీలు క్లీన్ అయ్యాక 1నీ 43నీ తల మీద తల పెట్టి ఒకసారి సరిచూసుకుంటే చాలు.

రఫ్‌లో ఒక చెంపకి నాలుగు గీతలు ఉంటాయి. వాటిలో ఏది తీసుకోవాలి? బయటిదైనా పరవాలేదు, లోపలిదైనా పరవాలేదు, షాట్ మొత్తం అదే తీసుకోవాలి. ఒక బొమ్మలో బయటిది, పక్కదాంట్లో లోపలిది తీసుకుంటే ముఖం ఉబ్బి తగ్గుతూ ఉంటుంది. నేను మధ్యలోంచి వెళ్తాను.

వేగంగా కదిలే 24 నుంచి 30 దాకా క్లీనప్ తేలిగ్గా అయిపోయింది, అక్కడ గీత కొంచెం అటూ ఇటూ అయినా ఎవరికీ కనిపించదు. ప్రాణం తీసింది 15 నుంచి 23 దాకా. ఐదు బొమ్మలు, ఒళ్ళు కొద్దిగా కుంగుతుంది, అంతే. ఒక బొమ్మకీ ఇంకోదానికీ తేడా గీత మందం కన్నా తక్కువ. ఇలాంటి చోట చెయ్యి వణుకే కదలిక కన్నా పెద్దదిగా కనిపిస్తుంది, గీతలన్నీ సలసల మరుగుతున్నట్టు ఉంటాయి. రఫ్‌లో ఇది తెలియదు, అక్కడ గీతలు ఎలాగూ చెదిరే ఉంటాయి కదా. క్లీన్ చేశాకే బయటపడుతుంది.

ఇక్కడ చేసిన పని ఇది. 23 క్లీన్ కీని దాని రఫ్ మీద గీయలేదు. క్లీన్ చేసిన 15నే జరిపి, దాని మీదే ట్రేస్ చేసి 23 తయారుచేశాను, మారాల్సిన నడుము, మోకాలు మాత్రం మార్చాను. దాంతో రెండు కీలలో ప్రతి గీతా ఒకే ఒంపుతో ఉంది. తర్వాత 19, 17, 21 గీసేటప్పుడు రెండు గీతలూ దాదాపు ఒకదాన్నొకటి తాకుతున్న చోట సగం కోసం వెతకలేదు, వాటిలో ఒకదాని మీదే సరిగ్గా గీత పెట్టేశాను. విడిగా ఉన్నచోట మాత్రమే మధ్యలోంచి.

పాదాలైతే గీయనే లేదు. 15లోని రెండు పాదాలనీ అలాగే కాపీ చేసి 23 దాకా పెట్టాను. నేల మీద ఆనిన పాదం వెంట్రుకవాసి కదిలినా జారుతున్నట్టే కనిపిస్తుంది, పైగా బరువంతా ఆ పాదం మీదే ఉన్న పోజు ఇది. కాపీతో ఇంకో చిక్కు ఉంది: కదలని గీత పక్కన మళ్ళీ గీసిన గీత ఉంటే అతుకు తెలిసిపోతుంది. అందుకని అతుకుని కాలి మధ్యలో వదలకుండా ప్యాంటు అంచు దగ్గరికి తెచ్చాను, అక్కడ ఎలాగూ ఒక గీత ఆగి ఇంకోటి మొదలవుతుంది. కుడిపాదం 27లో మడమ లేపుతుంది, 31లో గాల్లో ఉంటుంది, 35లో ముందు దిగుతుంది. దిగాక 35 నుంచి 43 దాకా మళ్ళీ ఒకటే కాపీ. ఎడమ పాదం మొత్తం షాట్‌లో ఒక్కటే బొమ్మ.

28లోని స్మియర్ క్లీన్ చేసేటప్పుడు వేళ్ళు విడివిడిగా గీయాలనిపిస్తుంది. వద్దు. సాగిన చేతికి వేళ్ళు పెడితే ఆ ఫ్రేములో చెయ్యి విరిగినట్టు ఉంటుంది. బయటి అంచు వంపు వెంట ఒకటే గీత, లోపలి అంచు ఇంకో గీత, వేళ్ళకి చివర్లో రెండు చిన్న గుర్తులు.

జడ

జడని ఒంటితో కలిపి గీయలేదు. ఒళ్ళంతా క్లీన్ అయ్యాక వేరే లేయర్ మీద, అదీ కీలు లేకుండా, 1 నుంచి మొదలుపెట్టి వరుసగా గీసుకుంటూ వెళ్ళాను. జడ తనంతట తాను ఏమీ చెయ్యదు, తల లాగితే వెళ్తుంది, తల ఆగాక కూడా కాసేపు వెళ్తూనే ఉంటుంది. దాని 27 పోజు ముందే నిర్ణయించి మధ్యలు నింపితే తీగలా బిగుసుకుపోతుంది. ఈ పనికి ఆనియన్ స్కిన్ అమరిక మార్చాలి: ముందువైపు పూర్తిగా ఆఫ్, వెనక మూడు బొమ్మలు. జడ మొదలు తలతో పాటు కదులుతుంది, మధ్య భాగం ఒక బొమ్మ ఆలస్యంగా, కొస ఇంకో బొమ్మ ఆలస్యంగా. తల దిక్కు మార్చుకున్న 24, 25ల్లో మొదలు ముందుకి, కొస ఇంకా వెనక్కి వెళ్తూ ఉంటుంది, జడ ఎస్ ఆకారంలో ఉంటుంది.

ఇలా వరుసగా గీసినప్పుడు పొడవు మెల్లగా పెరిగిపోతుంది, దాదాపు ప్రతిసారీ పెరగడమే, తగ్గడం నేను చూడలేదు. జడ వెంట సమాన దూరాల్లో ఐదు గుర్తులు పెట్టుకుని, వాటి మధ్య దూరం మారకుండా చూసుకుంటే సరిపోయింది.

ఒళ్ళు 43లో ఆగిపోయి 48 దాకా ఒకే బొమ్మ మీద ఉంటుంది. జడకి మాత్రం ఇంకో రెండు బొమ్మలు ఇచ్చాను, 45లో కొస వీపు దాటి ముందుకొస్తుంది, 47లో వెనక్కి వాలుతుంది. ఇవి ముందు చెప్పిన 26లో లేవు, వేరే లేయర్ కాబట్టి విడిగా లెక్క. 41, 43ల మధ్య ఒంటిలో మిగిలిన కాస్త తడబాటు కూడా ఈ రెండు బొమ్మలు పడ్డాక కనిపించలేదు, అందుకని అక్కడ ఇంకేమీ ముట్టుకోకుండా రంగులకి పంపేశాను.